రుజువు లేకుండా దేవుణ్ణి నమ్మడం తప్పా? క్లిఫర్డ్, ప్లాంటింగా వాదాలు ఎక్కడిదాకా నిలుస్తాయి

ప్రశ్న: ఫిలాసఫీ ఎమ్మే చదువుతున్నాను. చాలినంత సాక్ష్యం లేకుండా ఏదీ నమ్మకూడదని క్లిఫర్డ్ అంటాడు. దేవుడి మీద నమ్మకానికి అసలు వాదనే అక్కర్లేదు, అది మూలవిశ్వాసం అని ప్లాంటింగా అంటాడు. రెండోది నాకు తప్పించుకునే ఎత్తులా కనిపిస్తోంది. అలాగైతే ఎవరైనా ఏదైనా మూలవిశ్వాసమే అనేయొచ్చు కదా? వ్యాసంలో ఏదో ఒక పక్షం తీసుకోవాలి. ఎవరి వాదం నిలబడుతుంది?

జవాబు: నమ్మకం మొదలవడానికి ముందుగా వాదన ఉండి తీరాలా అన్నంతవరకు ప్లాంటింగా గెలిచాడు. మొదలైన నమ్మకాన్ని ఎదురు ఆధారాలు వచ్చాక కూడా అలాగే అట్టేపెట్టుకోవచ్చా అన్న దగ్గర, చాలినంత సాక్ష్యం ఉండాలనే సాక్ష్యవాది మళ్ళీ లోపలికొస్తాడు, అక్కడ అతన్ని బయటికి పంపడం అంత తేలిక కాదు. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకటిగా కలిపేయడం వల్లే ఈ అంశం మీద వ్యాసాలు దారి తప్పుతుంటాయి.

క్లిఫర్డ్ దగ్గర మొదలుపెడదాం. 1877లో వచ్చిన ఆయన వ్యాసంలో ఓడ యజమాని కథ ఉంది. ఓడ పాతది, కట్టడమే అంత బాగా కట్టలేదు, ఎన్నోసార్లు మరమ్మతు చేయించాల్సి వచ్చింది. వలస కుటుంబాలు ఎక్కబోతున్నాయి. యజమానికి అనుమానం వస్తుంది. ఇన్నిసార్లు క్షేమంగా వచ్చింది, ఈసారీ వస్తుందిలే అని దాన్ని అణిచేసుకుంటాడు. ఓడ నడిసంద్రంలో మునిగిపోతుంది, అతను ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుంటాడు. ఓడ క్షేమంగా తిరిగొచ్చినా అతని తప్పు ఇసుమంతైనా తగ్గదని క్లిఫర్డ్ అంటాడు, ఎందుకంటే తన ముందున్న సాక్ష్యాన్ని బట్టి అలా నమ్మే హక్కు అతనికి లేదు. దీన్నుంచి ఆయన లాగిన సూత్రం ఇది: చాలినంత సాక్ష్యం లేకుండా ఏదైనా నమ్మడం ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా తప్పే.

ఇప్పుడు కథని సూత్రం పక్కన పెట్టి చూడండి. యజమాని చేతిలో సాక్ష్యం లేకపోవడం కాదు జరిగింది. ఓడ బాగాలేదనే సాక్ష్యం అతని చేతిలోనే ఉంది, దాన్ని అతను తొక్కిపెట్టాడు. అంటే ఎదురు ఆధారాన్ని తెలిసి పక్కకు నెట్టడం తప్పని కథ చూపిస్తుంది. అనుకూల ఆధారం ముందే ఉండి తీరాలని చూపించదు. ఆ మొదటి మాట ప్లాంటింగా కూడా ఒప్పుకుంటాడు. వ్యాసంలో క్లిఫర్డ్‌ని ఖండించడానికి ఇంతకంటే సూటైన దారి నాకు కనపడదు: కథ నిజమే, సూత్రం కథ కంటే పెద్దది.

ఆ సూత్రం వెనక ఒక పాత నిర్మాణం ఉంది. దాన్ని పునాదివాదం అంటారు. మన నమ్మకాల్లో కొన్ని వేరే నమ్మకాల మీద నిలబడతాయి, అడుగున కొన్ని ఏ ఆసరా లేకుండా నేరుగా కలుగుతాయి. అడుగున ఉండేవే మూలవిశ్వాసాలు. ఆ అడుగు వరసలో చేరడానికి మూడే అర్హతలని పాత పునాదివాది అంటాడు: రెండూ రెండూ నాలుగు లాగా చూడగానే తెలిసిపోవాలి, లేదా నాకిప్పుడు నొప్పిగా ఉంది లాగా పొరబడే వీలే లేనిదై ఉండాలి, లేదా కళ్ళెదుట కనపడుతూ ఉండాలి. దేవుడున్నాడన్నది ఈ మూడింటిలో ఏదీ కాదు. కాబట్టి కింద ఆసరా చూపించాలి, చూపించలేకపోతే నమ్మడం అహేతుకం. సాక్ష్యవాద ఆక్షేపణకున్న అసలు ఎముకల గూడు ఇదే.

ప్లాంటింగా 1981లో, తర్వాత 1983 వ్యాసంలో ఇంకా విస్తారంగా, ఈ గూటి మీదే దెబ్బ వేశాడు. పొద్దున మీరు ఇడ్లీ తిన్నారనుకోండి. ఇప్పుడు మధ్యాహ్నం. ప్లేటు కడిగేశారు. "పొద్దున ఇడ్లీ తిన్నాను" అన్న నమ్మకం పై మూడింటిలో ఎందులోకి వస్తుంది? చూడగానే తెలిసే సత్యం కాదు. జ్ఞాపకం పొరబడొచ్చు కాబట్టి రెండోదీ కాదు. కళ్ళెదుట ఇడ్లీ లేదు. పోనీ వేరే నమ్మకాల నుంచి వాదించి తేల్చుకున్నారా? లేదు, గుర్తొచ్చింది, నమ్మారు. పక్కింటాయనకి మనసుందని నమ్మడం, ఈ ప్రపంచం అయిదు నిమిషాల కిందట పుట్టలేదని నమ్మడం, అన్నీ ఇంతే. మూడు అర్హతల నియమాన్ని గట్టిగా పట్టుకుంటే మన రోజువారీ నమ్మకాల్లో సగానికి సగం అహేతుకం అయిపోతాయి.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. "మూడు అర్హతల్లో ఒకటైనా ఉంటేనే మూలవిశ్వాసం" అన్న ఆ నియమాన్నే నమ్మేవాణ్ణి అడగండి, ఇది చూడగానే తెలిసేదా, పొరబడే వీల్లేనిదా, కళ్ళకు కనపడేదా అని. మూడూ కాదు. మరి అలాంటి వాటి నుంచి దీన్ని నిరూపించి చూపించారా? అదీ లేదు. తను పెట్టిన పరీక్షలో తనే తప్పింది.

ఇక్కడ విద్యార్థులు ఒక అడుగు ఎక్కువ వేసేస్తారు. "కాబట్టి సాక్ష్యవాదం తనని తానే ఖండించుకుంటుంది" అని రాసేస్తారు. పడిపోయింది మూడు అర్హతల పునాదివాదం మాత్రమే. 1985లో రిచర్డ్ ఫెల్డ్‌మన్, ఎర్ల్ కోనీ కలిసి సాక్ష్యవాదాన్ని వేరేగా నిలబెట్టారు. వాళ్ళ లెక్కలో సాక్ష్యం అంటే వాదన ఒక్కటే కాదు, అనుభవం కూడా సాక్ష్యమే. ఇడ్లీ తిన్నట్టు గుర్తుకు రావడమే ఆ నమ్మకానికి ఆధారం. అలా చూస్తే ఇడ్లీ ఉదాహరణ వాళ్ళకేమీ ఇబ్బంది పెట్టదు.

ప్లాంటింగా పక్షానికీ సరిగ్గా ఇక్కడే అన్యాయం జరుగుతుంది. మూలవిశ్వాసం అంటే ఏ ఆధారమూ లేని గుడ్డి నమ్మకం అని ఆయన ఎక్కడా అనలేదు. వాదన అక్కర్లేదంటాడు, సందర్భం కావాలంటాడు. ఆయన ఇచ్చే ఉదాహరణల్లో మూలవిశ్వాసం "దేవుడు ఉన్నాడు" అన్న పొడి వాక్యం కాదు. ఆకాశం చూసినప్పుడు "ఇదంతా దేవుడు చేశాడు" అనిపించడం, తప్పు చేశాక "దీన్ని దేవుడు మెచ్చడు" అనిపించడం, ప్రాణం కుదుటపడినప్పుడు దేవుడికి కృతజ్ఞత చెప్పాలనిపించడం. చెట్టు కనపడుతోంది అనుకుంటాం, దాన్నుంచి చెట్లున్నాయని ఎలాగూ తేలుతుంది. దేవుడున్నాడన్నదీ అలాగే వెనకాలే వస్తుంది. కాబట్టి వ్యాసంలో "నమ్మకం" అని ఊరికే రాయకండి, ఏ సందర్భంలో ఏ వాక్యాన్ని నమ్మారో రాయండి. ఆ ఒక్క అలవాటుతో సగం గందరగోళం పోతుంది.

ఇప్పుడు మీ అసలు అనుమానం: ఎవరైనా ఏదైనా మూలవిశ్వాసం అనేయొచ్చు కదా? ఈ ఆక్షేపణని ప్లాంటింగా తనకు తానే వేసుకున్నాడు. పీనట్స్ అనే అమెరికన్ కామిక్‌లో లైనస్ అనే పిల్లాడున్నాడు. ప్రతి ఏటా హాలోవీన్ రాత్రి గుమ్మడి తోటలోంచి మహా గుమ్మడికాయ లేచి వచ్చి బహుమతులిస్తుందని వాడి నమ్మకం. అదీ మూలవిశ్వాసమేనా? ప్లాంటింగా జవాబు ఏమిటంటే, ఒక తప్పుడు కొలబద్దని పారేసినంత మాత్రాన ఇక దేన్నైనా ఒప్పుకోవాలని లేదు. కొత్త కొలబద్దని పైనుంచి దింపకూడదు, కిందినుంచి కట్టుకోవాలి. ఇది సమంజసమైన మూలవిశ్వాసం, ఇది కాదు అని స్పష్టంగా తెలిసే ఉదాహరణలు పోగేసి, వాటికి సరిపోయే నియమాన్ని వెతుక్కోవాలి.

తర్కంగా ఇది తప్పు కాదు. కానీ ఉదాహరణలు పోగేసేదెవరు? క్రైస్తవుడు తన ఉదాహరణలతో మొదలుపెడతాడు, అతనికి ఆ హక్కుందని ప్లాంటింగా సూటిగానే అంటాడు. అయితే గుమ్మడికాయ భక్తులు ఒక ఊరు ఊరంతా ఉంటే వాళ్ళూ తమ ఉదాహరణలు పోగేసుకుంటారు. ఈ ఎత్తిపొడుపు నాస్తిక తత్వవేత్త మైకేల్ మార్టిన్ గట్టిగా వేశాడు. దీనికి ప్లాంటింగా 2000 నాటి పుస్తకంలో చెప్పిన సమాధానం ఒక రకంగా ఒప్పుకోలే. తన మేధాబాధ్యత తప్పకుండా నమ్మడం అనే చిన్న అర్థంలో ఆ ఊరివాళ్ళు కూడా నిర్దోషులే కావచ్చు. అంతమాత్రాన వాళ్ళ నమ్మకం జ్ఞానం అయిపోదు. జ్ఞానం కావాలంటే ఆ నమ్మకాన్ని పుట్టించిన మానసిక శక్తి సక్రమంగా పనిచేస్తూ ఉండాలి, తనకు తగిన పరిసరాల్లో ఉండాలి, నిజాన్ని పట్టుకోవడానికే ఏర్పడినదై ఉండాలి, ఆ పనిలో చాలామటుకు నెగ్గుతూ ఉండాలి. అందుకే మీ అనుమానంలో సగం నిజం ఉంది: "నేను తప్పు చేయట్లేదు" అన్న అనుమతి ఈ పద్ధతిలో చాలా చవగ్గా దొరుకుతుంది. అంత చవకైనదాన్ని పట్టుకుని ఎదుటివాడి ముందు మీసం మెలేయడం కుదరదు.

ఆ నాలుగు షరతులు నెరవేరాయా అన్నది దేని మీద ఆధారపడుతుంది? దేవుడు ఉన్నాడా లేడా అన్నదాని మీదే. ఉంటే, తనని తెలుసుకునే శక్తిని మనిషిలో పెట్టి ఉంటాడు, కాబట్టి నమ్మకం బహుశా జ్ఞానమే. లేకపోతే బహుశా కాదు. ఇందులోంచి ప్లాంటింగా తేల్చినది నిజంగా గట్టి ఫలితం: "దేవుడున్నాడో లేడో నాకు తెలీదు గానీ, నువ్వు నమ్మడం మాత్రం అహేతుకం" అనే మధ్యస్థ స్థానం నిలవదు. అహేతుకం అనాలంటే లేడని వాదించాల్సిందే. చాలామంది హేతువాదులు సరిగ్గా ఆ మధ్య మెట్టు మీదే నిలబడి మాట్లాడతారు కాబట్టి ఈ దెబ్బ తక్కువది కాదు. కానీ ఆ కత్తికి రెండో వైపూ పదునుంది. నమ్మినవాడి చేతికి దక్కింది "ఉంటే" అనే వాక్యమే. "ఉన్నాడు కాబట్టి నాకు తెలుసు" అని ఎదుటివాడితో అనడానికి అది చాలదు.

ముందు నమ్మి, ఆ నమ్మకం తర్వాత దెబ్బతింటే వదులుకునే ఈ పద్ధతి మన దర్శనాలకి కొత్త కాదు. వేదాన్ని ప్రమాణంగా నిలబెట్టిన మీమాంసకుడు కుమారిల భట్టు స్వతఃప్రామాణ్యం చెప్పాడు: జ్ఞానం కలిగినప్పుడే దానికి ప్రామాణ్యం ఉంటుంది, బయటినుంచి ముద్ర వేయించుకోనక్కర్లేదు. అది రెండు విధాలుగా మాత్రమే కొట్టుకుపోతుంది. ఒకటి బాధకజ్ఞానం: వెండి అనుకున్నది దగ్గరికెళ్తే ముత్యపుచిప్ప. రెండోది కారణదోషం తెలియడం: కామెర్లవాడికి శంఖం పచ్చగా కనపడింది, శంఖాన్ని మళ్ళీ చూడకపోయినా కంటికి జబ్బుందని తెలిస్తే చాలు. 20వ శతాబ్దంలో తత్వవేత్త జాన్ పొల్లాక్ విడదీసిన రెండు రకాల డిఫీటర్లు, అంటే నమ్మకాన్ని పడగొట్టే కారణాలు, దాదాపు ఇవే. న్యాయ దర్శనం వాళ్ళు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు. నీళ్ళనుకున్నవి నీళ్ళేనని, వెళ్ళి తాగితే దాహం తీరినప్పుడే తేలుతుందన్నారు, అది పరతఃప్రామాణ్యం. ఇందులో తమాషా ఏమిటంటే, ముద్ర కావాలన్న న్యాయ పక్షంలోనే ఉదయనుడు ఈశ్వరుణ్ణి తర్కంతో నిరూపించడానికి పూనుకున్నాడు. ముద్ర అక్కర్లేదన్న కుమారిలుడు ఆ సూత్రాన్ని వేదానికి వాడుకుని, సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి మాత్రం ఖండించాడు. అంటే వాదన లేకుండా నమ్మే హక్కు ఇచ్చినంత మాత్రాన అది దేవుడి వైపు తీసుకెళ్తుందని ఏమీ లేదు. ఈ పోలికని వ్యాసంలో ఒక పేరాకి మించి సాగదీయకండి. స్వతఃప్రామాణ్యం అన్ని జ్ఞానాలకీ వర్తించేది, ప్లాంటింగాది కొన్ని నమ్మకాలకే. కానీ రెండు రకాల డిఫీటర్లకీ కలిపి బాధకం అన్న మాట మాత్రం తీసుకుని వాడుకోండి, తెలుగులో అంతకంటే మంచి మాట లేదు.

ఇక పోరు అంతా బాధకాల దగ్గరే. ఇక్కడ ప్లాంటింగా చెప్పిన ఒక ఉదాహరణని నిదానంగా చూడాలి. ఒకతను ఫెలోషిప్‌కి దరఖాస్తు చేస్తూ, తన గురించి గొప్పగా రాయమని సహోద్యోగికి లంచం ఆశ చూపిస్తూ ఉత్తరం రాశాడు. ఆయన మండిపడి దాన్ని డిపార్ట్‌మెంట్ ఛైర్మన్‌కి పంపాడు. ఛైర్మన్ గదిలోంచి ఆ ఉత్తరం మాయమైంది. తీయడానికి కారణం ఇతనికే ఉంది, అవకాశమూ ఉంది, పైగా ఆ సమయంలో అక్కడ తచ్చాడుతుండగా చూశానని నమ్మదగిన మనిషి ఒకరు చెప్పారు. కానీ ఆ మధ్యాహ్నమంతా అతను ఒంటరిగా అడవిలో నడుస్తున్నాడు, అది అతనికి స్పష్టంగా గుర్తుంది. సాక్ష్యం మొత్తం ఎదురుగా ఉంది, జ్ఞాపకం ఒక్కటే తన వైపుంది. అయినా తాను తీయలేదని నమ్మడం అతనికి హేతుబద్ధమే. ఆ జ్ఞాపకం బలమే ఎదురొచ్చిన బాధకాన్ని పడగొడుతుంది, వేరే సాయం అక్కర్లేదు. దేవుడి మీద నమ్మకం కూడా అంత బలంగా ఉన్నవాడికి ఎదురు వాదనల్ని అలాగే తట్టుకోవచ్చంటాడు.

ఉదాహరణ బాగుంది. కానీ ఎందుకు బాగుందో చూడండి. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావన్న విషయంలో జ్ఞాపకం మామూలుగా తప్పదని అందరికీ తెలుసు, దొంగ అంటున్నవాళ్ళకి కూడా. వాళ్ళు అతని జ్ఞాపకశక్తిని అనుమానించట్లేదు, అతని నోటిమాటని అనుమానిస్తున్నారు. దేవుడి విషయంలో అనుమానం ఆ శక్తి మీదే. పోలిక అక్కడ తెగిపోతుంది.

ఒక సందర్భం తీసుకుని నడిపిద్దాం. ఒకామె తెల్లవారుజామున కొండ మీద నిలబడింది. కింద మంచు విడిపోతోంది. ఎవరో తనని చూస్తున్నట్టు, ఇదంతా ప్రేమతో ఇచ్చినట్టు అనిపించింది, నమ్మింది. బాధకం రానంతవరకు ఆమెని ఎవరూ తప్పుపట్టలేరు. మొదట ఫ్రాయిడ్ శిష్యుడు వస్తాడు: ఇది తండ్రి కావాలన్న కోరిక వేసిన వేషం అంటాడు. ఇది కారణదోషం చూపించే ప్రయత్నం. కామెర్ల కంటిని శంఖంతో పని లేకుండా విడిగా పరీక్షించవచ్చు. ఇక్కడ కోరికలోంచి పుట్టిన ఆ శక్తి నిజాన్ని పట్టదని చెప్పడానికి దేవుడు లేడని ముందే అనుకోవాలి. దేవుడే ఆ కోరికని దారిగా పెట్టాడని ఆమె అంటే శిష్యుడి దగ్గర జవాబు లేదు. ఈ బాధకం బలహీనమైనది, వ్యాసంలో దీని మీద పేజీలు ఖర్చుపెట్టకండి.

తర్వాతది అలా కాదు. అదే కొండ మీద, అదే పొద్దున, అంతే నిజాయితీగా నిలబడ్డ ఒకరికి రాముడు, ఇంకొకరికి యేసు, మరొకరికి అల్లా, వేరొకరికి ఏ వ్యక్తీ లేని ఒక నిశ్చలత అనుభవమవుతుంది. ఒకే గదిలో అయిదు థర్మామీటర్లు పెడితే అయిదూ అయిదు అంకెలు చూపించాయనుకోండి. ఏది సరైనదో తెలియకపోయినా మీ చేతిలోదాన్ని అనుమానించడానికి అది చాలు. దీనికి నాస్తికత్వాన్ని ముందే ఒప్పుకోనక్కర్లేదు. విలియం ఆల్స్టన్ దేవుణ్ణి ప్రత్యక్షంగా గ్రహించడం సాధ్యమేనని 1991లో పుస్తకమంతా వాదించినవాడు. మత వైవిధ్యం తన వాదానికి అన్నిటికంటే కష్టమైన సమస్య అని ఆయనే ఒప్పుకున్నాడు, దానివల్ల సమర్థన తగ్గుతుందనీ అన్నాడు, పూర్తిగా పోదనీ అన్నాడు.

ప్లాంటింగా జవాబు నైతిక ఉదాహరణతో వస్తుంది: జాతి వివక్ష తప్పని నేను నమ్ముతాను, కాదనేవాళ్ళున్నారని మానేయాలా? మానక్కర్లేదు. అయితే అక్కడ ఎదుటివాడు ఎక్కడ పొరబడ్డాడో చూపించే కారణాలు మన దగ్గర ఉంటాయి: స్వార్థం, అజ్ఞానం, ఎదుటి మనిషి బాధని చూడకపోవడం. కొండ మీద వేరే అనుభవం కలిగిన మనిషి ఎక్కడ పొరబడ్డాడో చూపించాలంటే ఆమెకి కూడా అలాంటి కారణాలు కావాలి. "వాడి థర్మామీటరు చెడిపోయింది, నాది చూపించేదాన్ని బట్టి తెలిసింది" అంటే కుదరదు. ఆమె కారణాలు వెతకడం మొదలుపెట్టిన క్షణంలో సాక్ష్యం అడిగే పని మొదలైంది. గుమ్మం దగ్గర కాపలా కాసే పని నుంచి క్లిఫర్డ్‌ని తీసేశాం, అప్పీలు కోర్టులో మాత్రం ఆయన కుర్చీ ఆయనకే ఉంది.

దెబ్బ అన్ని నమ్మకాల మీదా సమానంగా పడదని గమనించండి. అయిదు థర్మామీటర్లు వేర్వేరు అంకెలు చూపించినా గది వేడిగా ఉందన్న దగ్గర అవి కలవచ్చు. ఆమె నమ్మకంలో "ఏదో పవిత్రమైనది ఉంది" అన్న భాగం తక్కువ దెబ్బతింటుంది, ఫలానా పేరు, ఫలానా ఆజ్ఞ అన్న భాగం ఎక్కువ. వ్యతిరేక పక్షం రాసేవాళ్ళు ఈ తేడాని దాటేసి మొత్తం కొట్టుకుపోయిందంటారు, అది పొరపాటు. నిశ్చలతని అనుభవించిన మనిషి ఆ పలచని భాగాన్ని కూడా వ్యక్తి అయిన దేవుడిగా ఒప్పుకోడు కాబట్టి, సమర్థించేవాళ్ళు ఇంతటితో దేవుడు నిలిచాడనడమూ పొరపాటే.

వ్యాసంలో ఇంకో చోట జాగ్రత్త. 1896 నాటి విలియం జేమ్స్ వాదాన్ని ప్లాంటింగా పక్కన కలిపి రాసేస్తుంటారు. జేమ్స్ చెప్పింది, సాక్ష్యం తేల్చలేనప్పుడు, తప్పించుకోలేని పెద్ద ఎంపిక ముందున్నప్పుడు మనసు మొగ్గిన వైపు నిర్ణయించుకోవచ్చని. అది ఎంపిక గురించి. ఇడ్లీ తిన్నానని మీరు ఎంపిక చేసుకోలేదు, గుర్తొచ్చింది. మూలవిశ్వాసం ఆ రెండో రకం.

లైనస్ సంగతి మిగిలింది. వాడు రుజువు లేకుండా నమ్మడం మొదలుపెట్టాడని ప్లాంటింగాని ఇరికించాలని చూస్తే ఇరకడు. కానీ వాడు ప్రతి అక్టోబర్ 31 రాత్రి గుమ్మడి తోటలో కూర్చుంటాడు, తెల్లారుతుంది, ఏదీ లేవదు, మరుసటి ఏడు మళ్ళీ వెళ్తాడు. ముత్యపుచిప్పని ఏటా చేత్తో పట్టుకుని చూసి కూడా వెండే అనేవాడు వాడు. మీ వ్యాసంలో అడగాల్సిన ప్రశ్న దేవుడి మీద నమ్మకానికి అలాంటి తెల్లవారడం ఏదైనా ఉందా, వైవిధ్యం అలాంటిదేనా అని.